పైన ఇంకో అంతస్తు వేసే ముందు కింద తవ్వి చూడండి

మన ఊళ్ళలో డాబా ఇళ్ళ మీదికి చూస్తే చాలా వాటి మీద పిల్లర్ల చువ్వలు రెండు మూడడుగుల ఎత్తున నిలబడి కనిపిస్తాయి. ఇల్లు కట్టిన నాటికి చేతిలో డబ్బు అంతవరకే ఉంది. పిల్లలు పెద్దయ్యాక వాళ్ళ సంసారాలకో, అద్దెకివ్వడానికో పైన ఇంకో వాటా వేద్దామని వదిలిన చువ్వలవి. పదిహేనేళ్ళ తర్వాత మేస్త్రిని పిలిచి అడిగితే ఆయన ముందు వాటినే చూపిస్తాడు. "అప్పుడే మూడంతస్తులకు సరిపడా వేశామండీ, చువ్వలు వదిలే ఉన్నాయి కదా" అంటాడు. ఆయన అబద్ధం చెబుతున్నాడని కాదు. కానీ పైకి వదిలిన చువ్వల వల్ల మనకు తెలిసేది ఒక్కటే, కట్టినవాళ్ళకు పైన వేయాలనే ఆలోచన ఉందని. కింద ఫుటింగు ఎంత వెడల్పుందో, అది ఏ మట్టి మీద కూర్చుందో, పిల్లరులోని కాంక్రీటు ఏపాటిదో వాటిని చూస్తే తెలియదు.

ఇక్కడ చెప్పేదంతా కాంక్రీటు పిల్లర్లు, బీములు ఉన్న ఇళ్ళ గురించే. పిల్లర్లు లేకుండా ఇటుక గోడల మీదే స్లాబ్ వేసిన పాత ఇళ్ళున్నాయి. గోడ మూలల్లో పైకి చువ్వలేమీ లేకపోతే, గోడ కింద రాతి పునాది మాత్రమే ఉంటే, అలాంటి ఇంటి మీద మరో కాంక్రీటు అంతస్తు ఆలోచన మానుకోవడమే మేలు.

ముందు బరువు సంగతి చూద్దాం. లెక్క కోసం ఒక మామూలు ఇల్లు తీసుకుందాం. కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు ఉన్నాయి, ఇప్పుడు రెండో అంతస్తు వేయాలి. ఇంటి మధ్యలో ఉన్న ఒక పిల్లరు చుట్టూ పది అడుగులు, పన్నెండు అడుగుల మేర స్లాబ్ బరువు దాని మీదికే వస్తుందనుకుందాం. అంటే 120 చదరపు అడుగులు. అయిదంగుళాల స్లాబ్, దాని మీద ఫ్లోరింగ్, మనుషులు, సామాను కలిపితే చదరపు మీటరుకు సుమారు 600 కిలోలు. ఈ పిల్లరు వాటాకు అది దాదాపు 7 టన్నులు. బీములు, పిల్లరు సొంత బరువు మరో టన్నున్నర. గోడల బరువును చాలామంది తక్కువ అంచనా వేస్తారు గాని, ఇటుక గోడలు ఈ పిల్లరు వాటాకు అయిదు టన్నులు తేలిగ్గా తూగుతాయి. అలా ఒక్కో అంతస్తుకు ఒక్కో మధ్య పిల్లరు మీద పడేది 13 నుంచి 14 టన్నులు.

ఇప్పుడున్న ఇంట్లో కింది అంతస్తు పిల్లరు మోస్తున్నది రెండు స్లాబ్‌లు, ఒక అంతస్తు గోడలు, మొత్తం 22 టన్నులు. కింది గోడలు ప్లింత్ బీము మీద ఉంటాయి కాబట్టి వాటి బరువు ఈ పిల్లరు మీద కాక నేరుగా ఫుటింగు మీదికి పోతుంది. కొత్త అంతస్తు వేస్తే పిల్లరు మీది 22 టన్నులు 36 అవుతాయి. ఫుటింగు మీది బరువు 30 నుంచి 44 టన్నులకు పెరుగుతుంది. ఒక్క అంతస్తే కదా అనుకుంటాం గాని, పిల్లరు మీద మోత సగానికి పైగా పెరుగుతోంది. ఇంతకాలం ఇల్లు ఒక్క బీట లేకుండా నిలిచిందంటే అది 22 టన్నులను మోయగలదని రుజువైంది. 36 మోస్తుందో లేదో ఇంకా తెలియదు.

అందుకే పరీక్ష కింది నుంచి మొదలుపెట్టాలి. ఫుటింగు పక్కన గొయ్యి తీయాలి. ఇల్లు కట్టినప్పటి డ్రాయింగు ఉన్నా సరే తీయాలి, ఎందుకంటే కాగితం మీద అయిదడుగులు రాసి నేల మీద నాలుగు వేసిన సందర్భాలు తక్కువేం కాదు. రాయి తగిలిందని, నీరు ఊరిందని, పక్కవాళ్ళు ఒప్పుకోలేదని తవ్వకం మధ్యలోనే కుదించేస్తుంటారు.

మూడు చోట్ల చూస్తే చాలావరకు సంగతి తెలుస్తుంది. ఒకటి ఎక్కువ బరువు పడే మధ్య పిల్లరు, రెండోది మూల పిల్లరు, మూడోది పక్కవాళ్ళ హద్దు మీదున్న పిల్లరు. ఈ మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు. హద్దు దాటి పక్క స్థలంలోకి వెళ్ళడానికి వీల్లేదు కాబట్టి అక్కడ ఫుటింగు మన వైపుకే ఉంటుంది, పిల్లరు దాని అంచు మీద కూర్చుంటుంది. బరువు మధ్యలో పడక ఒక పక్కన పడుతుంది గనక ఆ వైపు మట్టి మీద ఒత్తిడి చాలా ఎక్కువ. బరువు పెరిగితే ముందు ఒరిగేది అదే.

గొయ్యి మూడడుగుల చదరం ఉంటే మనిషి కూర్చుని పని చేయొచ్చు. ఫుటింగు అంచును ఆనుకుని దాని అడుగు మట్టం వరకే తవ్వాలి, ఫుటింగు కిందికి ఎట్టి పరిస్థితిలోనూ పోకూడదు. ఒకసారి ఒక్క గొయ్యే తీయాలి. కొలతలు తీసుకుని, ఫోటోలు దిగి, అదే రోజు పొరలు పొరలుగా మట్టి వేసి దిమ్మిసతో కొట్టి పూడ్చాకే ఇంకోటి మొదలుపెట్టాలి. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి.

గొయ్యిలో ఏం చూడాలి? పిల్లరు ముఖం నుంచి ఫుటింగు అంచు దాకా టేపు పట్టి కొలవాలి. ఫుటింగు మందం, కింద బెడ్ కాంక్రీటు ఉందా లేదా చూడాలి. అంచు దగ్గర కాస్త చెక్కి చూస్తే అడుగు జాలీ చువ్వలు కనిపిస్తాయి. వాటి లావు, మధ్య దూరం రాసుకోవాలి. ఆ తర్వాత మట్టి. ఫుటింగు అడుగున ఉన్నది గట్టి మొరమా, నల్లరేగడా, ఎప్పుడో చెరువునో గుంటనో పూడ్చిన మట్టా? పూడ్చిన మట్టిలో ఇటుక ముక్కలు, ప్లాస్టిక్, బూడిద కనిపిస్తాయి. అలాంటివి కనిపిస్తే అక్కడితో ఆగి ఇంజినీరుతో మాట్లాడాలి. పక్కనే నీళ్ళ సంపో, సెప్టిక్ ట్యాంకో ఇల్లు కట్టాక తవ్వారా అన్నది కూడా చూడాలి. చాలా ఇళ్ళలో ఫుటింగు కన్నా లోతుగా, దానికి రెండడుగుల దూరంలోనే సంపు ఉంటుంది.

మన ఉదాహరణకు తిరిగొద్దాం. ఫుటింగు అయిదడుగుల చదరమని కొలతలో తేలిందనుకుందాం. అంటే 2.3 చదరపు మీటర్లు. ఇప్పటి 30 టన్నులకు మట్టి మీద ఒత్తిడి చదరపు మీటరుకు 13 టన్నులు. కొత్త అంతస్తు వచ్చాక 19. హైదరాబాదులో చాలాచోట్ల దొరికే గట్టి మొరం నేల 19 టన్నులు మోయడం అసాధ్యమేం కాదు. అదే కొలత ఫుటింగు గుంటూరు వైపు నల్లరేగడిలో ఉంటే మాత్రం 13 టన్నులకే సందేహించాలి. నల్లరేగడికి ఇంకో గుణం ఉంది. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. ఏటా వేసవిలో తలుపులు పట్టేయడం, గోడలో వచ్చిన బీట వానలకు మూసుకుపోయి మళ్ళీ తెరుచుకోవడం జరుగుతుంటే కింద నేల కదులుతోందన్నమాట. నేల ఎంత మోస్తుందన్నది ఇంజినీరు కంటితో చూసి చెప్పేది కాదు. బోరు వేసి చేసే పరీక్షో, ఇనుప పలక మీద బరువు పెట్టి ఎంత దిగిందో చూసే పరీక్షో చేయించి, ఆ రిపోర్టులో వచ్చిన అంకెతో మన 19ని పోల్చి చూసుకోవాలి.

పునాది సరిపోయిందనే అనుకుందాం. ఇప్పుడు పిల్లరు. మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది తొమ్మిదంగుళాల చదరపు పిల్లరు, లోపల నాలుగు 12 ఎం.ఎం. చువ్వలు. కాంక్రీటు కట్టడాలకు మన దేశంలో పాటించే ప్రమాణం ఐ.ఎస్. 456. 2000 సంవత్సరంలో సవరించిన ఈ ప్రమాణం ప్రకారం చువ్వలు వేసే కాంక్రీటు కనీసం ఎం-20 రకమై ఉండాలి. అంటే 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల ఒత్తిడిని తట్టుకునేది. అంతకు ముందు ఎం-15 కూడా అనుమతించేవారు. కాబట్టి 1990ల నాటి ఇల్లయితే ఎం-15 ఉండే అవకాశం బాగా ఉంది. పైగా చేత్తో కలిపిన కాంక్రీటు, పోసేటప్పుడు జారుగా ఉండాలని ఎక్కువ పోసిన నీళ్ళు, సరిగా నీళ్ళు పెట్టని పిల్లర్లు... వీటివల్ల ఎం-15 అని రాసుకున్నదీ అంత రాకపోవచ్చు.

ఇప్పుడు లెక్క. 36 టన్నుల మోతకు భద్రత కోసం ఒకటిన్నర రెట్లు చూడాలని ప్రమాణం అంటుంది. అంటే 54 టన్నులు. తొమ్మిదంగుళాల పిల్లరు, నాలుగు 12 ఎం.ఎం. చువ్వలు, ఎం-15 కాంక్రీటు అయితే బరువు నిలువుగా నడిమధ్య పడ్డా దాని శక్తి 45 టన్నులే. అక్కడే తేలిపోయింది, చాలదు. ఎం-20 అయితే 55 టన్నులు వస్తుంది, కాగితం మీద ఒక్క టన్ను మిగులుతుంది. నిజానికి అదీ మిగలదు. బీములు పిల్లరును ఒక పక్కకు వంచాలని చూస్తుంటాయి, ఆ వంపును లెక్కలోకి తీసుకుంటే 55 బాగా తగ్గుతుంది. అదే పిల్లరుకు ఇప్పటి రెండంతస్తుల మోత ఒకటిన్నర రెట్లు 33 టన్నులే. అందుకే ఇన్నేళ్ళూ ఏ ఇబ్బందీ లేకుండా నిలబడింది.

భూకంపం వస్తే పక్కకు ఊపే బలం కూడా అంతస్తు పెరిగేకొద్దీ పెరుగుతుంది. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం, 2024 డిసెంబరులో ములుగు ప్రాంతాల్లో వచ్చిన భూకంపాలు అయిదుకు పైన తీవ్రతవి. భూకంపాలను దృష్టిలో పెట్టుకుని రాసిన ఐ.ఎస్. 13920 ప్రమాణం 2016లో పిల్లరు కనీస వెడల్పును 300 మిల్లీమీటర్లు, అంటే పన్నెండు అంగుళాలు చేసింది. మన తొమ్మిదంగుళాల పిల్లరు దానికి అందదు.

లోపలి కాంక్రీటు ఎం-15నో ఎం-20నో ఎలా తెలుసుకుంటారు? చాలామంది ఇంజినీర్లు మొదట చేసేది స్ప్రింగు సుత్తి పరీక్ష. ప్లాస్టరు తీసేసి, కాంక్రీటు ముఖాన్ని రుద్ది నునుపు చేసి, ఒక పరికరాన్ని ఆనించి నొక్కితే లోపలి సుత్తి కొట్టి వెనక్కి ఎగిరి ఒక అంకె చూపిస్తుంది. చవకైనది, త్వరగా అయిపోతుంది. కానీ ఆ అంకె నుంచి బలాన్ని లెక్కగడితే 25 శాతం అటూ ఇటూ తేడా రావడం మామూలే. పాత ఇళ్ళలో అది మోసం చేసేది ఇంకో రకంగా. గాలిలోని కార్బన్ డయాక్సైడు ఏళ్ళ తరబడి లోపలికి పోయి కాంక్రీటు పైపొరను గట్టిపరుస్తుంది. సుత్తికి తగిలేది ఆ గట్టి పొరే, అందుకని లోపలి కాంక్రీటు నాసిగా ఉన్నా అంకె మాత్రం గొప్పగా వస్తుంది. సుత్తి రిపోర్టు ఒక్కటే చూపించి బలం ఉందని ఎవరైనా సంతకం పెడితే ఒప్పుకోకండి. ఏ పిల్లరు తక్కినవాటి కన్నా బలహీనంగా ఉందో వెతకడానికి అది పనికొస్తుంది.

అసలు సంగతి తెలియాలంటే కోర్ తీయాలి. డైమండ్ పళ్ళున్న గొట్టంతో కాంక్రీటులోంచి గుండ్రటి ముక్కను కోసి, ల్యాబులో నలిపి చూస్తారు. ఎం-20 అని ఒప్పుకోవాలంటే మూడు కోర్ల సగటు 17కు, ఏ ఒక్కటీ 15కు తగ్గకూడదు. అయితే తొమ్మిదంగుళాల పిల్లరులో మూడంగుళాల కోర్ తీస్తే వెడల్పులో మూడో వంతు పోతుంది. కాబట్టి ముందు చువ్వలెక్కడున్నాయో వెతికే పరికరంతో గుర్తు పెట్టుకుని, చువ్వ తెగకుండా, ఆ పిల్లరు పక్కన స్లాబ్‌కు ప్రాప్‌లు పెట్టి మరీ తీయాలి. తీసిన రంధ్రాన్ని ముడుచుకోని గ్రౌట్‌తో అదే రోజు నింపాలి. అనుభవమున్నవాళ్ళు అన్ని పిల్లర్లలోనూ కోయరు. సుత్తితో అన్నిటినీ చూసి, అనుమానంగా ఉన్న రెండు మూడిటిని మాత్రం ఎంచుకుంటారు.

అదే సమయంలో పిల్లరు అడుగున, నేల మట్టం దగ్గర, ఒక ముఖం మీద అడుగున్నర ఎత్తున ప్లాస్టరూ పైపొర కాంక్రీటూ చెక్కి చువ్వలను చూడాలి. అడుగునే ఎందుకంటే తేమ ఎక్కేది అక్కడే, తుప్పు మొదలయ్యేది అక్కడే. బాత్రూము గోడలోని పిల్లరును తప్పకుండా చూడాలి. నాలుగు చువ్వలున్నాయా, వాటి లావెంత, రింగులు ఎంత దూరంలో ఉన్నాయి? 12 ఎం.ఎం. చువ్వలున్న పిల్లరులో రింగుల మధ్య దూరం ఏడున్నర అంగుళాలు దాటకూడదు. పాత ఇళ్ళలో తరచు పది పన్నెండు అంగుళాలకు ఒకటి కనిపిస్తుంది. రింగు లేని చోట చువ్వ బరువుకు పక్కకు వంగి, పైనున్న కాంక్రీటును బయటికి నెట్టేస్తుంది.

చెక్కిన చోట ఫినాఫ్తలీన్ అనే రసాయనం చల్లడం చవకైన, చాలా ఉపయోగమైన పరీక్ష. కాంక్రీటు ఇంకా క్షారగుణంతో ఉంటే గులాబీ రంగు తేలుతుంది. ఆ క్షారగుణమే చువ్వను తుప్పు పట్టకుండా కాపాడేది. రంగు తేలని పొర పైనుంచి చువ్వ దాకా వచ్చేసి ఉంటే, చువ్వకు ఆ రక్షణ పోయినట్టే. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్ళలో దీనికి తోడు ఉప్పు సమస్య ఉంది. సముద్రపు గాలి, ఉప్పు బోరు నీళ్ళతో కలిపిన కాంక్రీటు అయితే గులాబీ రంగు వచ్చినా చువ్వ తుప్పు పట్టొచ్చు. అక్కడ కాంక్రీటులో క్లోరైడు ఎంతుందో ల్యాబులో చూపించాలి. మామూలు కంటికి కనిపించే గుర్తు ఒకటుంది. పిల్లరు మూలల్లో చువ్వ వెంట నిలువుగా సన్నటి బీట, దాని మీద గోధుమ రంగు మరక. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతోందని దానర్థం. ప్లాస్టరు రాసి, రంగు వేసి దాన్ని కప్పేయడం కన్నా చేటు లేదు.

ఇక డాబా మీది చువ్వలు. ఎన్నో ఎండలు, వానలు చూసినవి. వాటి కొనలను చూసి నిర్ణయించకండి. చువ్వ కాంక్రీటులోంచి బయటికి వచ్చే చోట నీళ్ళు నిలుస్తాయి, అన్నిటికన్నా ఎక్కువ తినేసేది ఆ జాగాలోనే. ఇనుప బ్రష్‌తో తుప్పు పూర్తిగా గీకి, వెర్నియర్‌తో అక్కడ లావు కొలవాలి. 12 ఎం.ఎం. చువ్వ 10.5కు వచ్చిందంటే కంటికి పెద్ద తేడా కనిపించదు, కానీ దాని బలంలో దాదాపు నాలుగో వంతు పోయింది. తుప్పు పట్టకుండా చువ్వల చుట్టూ నాసి సిమెంటు పోసి దిమ్మె కట్టి ఉంటే అది మొత్తం పగలగొట్టాలి. కొత్త పిల్లరు దాని మీద నిలబడకూడదు.

పొడవు కూడా చూడాలి. పాత చువ్వకు కొత్త చువ్వను పక్కపక్కన కట్టి అతికించాలంటే 12 ఎం.ఎం. లావుకు ఇంచుమించు రెండడుగుల పొడవు కావాలి. ఆరబెట్టుకునే తీగకు అడ్డమని, పిల్లలకు తగులుతాయని వంచేసినవో, కోసేసినవో ఉంటాయి. వంచిన పాత చువ్వను మళ్ళీ నిటారుగా చేస్తే వంగిన చోట పగుళ్ళు వస్తాయి. వెల్డింగు పెడదామనే మేస్త్రి మాట వినకండి, పాతకాలపు మెలికల చువ్వల బలం ఆ వేడికే దిగిపోతుంది. పొడవు చాలనప్పుడు పిల్లరు తలలోకి రంధ్రం చేసి, రసాయన గ్రౌట్‌తో కొత్త చువ్వ నాటుతారు. ఈ పని చెడేది ఎక్కువగా దుమ్ము వల్ల. రంధ్రాన్ని బ్రష్‌తో తుడిచి, గాలి కొట్టి, మళ్ళీ తుడవాలి. దుమ్ముంటే గ్రౌట్ కాంక్రీటును పట్టుకోదు, చువ్వ ఊడొస్తుంది. నాటాక రెండు మూడు చువ్వలను జాకీతో లాగించి చూడమని అడగండి.

పిల్లరు చాలదని తేలితే దారులున్నాయి. పిల్లరు చుట్టూ నాలుగు వైపులా కనీసం నాలుగంగుళాల కొత్త కాంక్రీటు తొడుగు వేస్తారు, అందులో కొత్త చువ్వలు, రింగులు ఉంటాయి. తొమ్మిదంగుళాల పిల్లరు పదిహేడవుతుంది. ఇందులో అందరూ చేసే తప్పు, తొడుగును ఇంటి ఫ్లోరింగ్ మీంచి మొదలుపెట్టడం. కింద ఫుటింగు దాకా ఉన్న నాలుగైదు అడుగుల పాత పిల్లరు అలాగే బలహీనంగా ఉండిపోతుంది, పైన ఎంత బలం చేకూర్చినా బరువంతా దాని మీంచే పోవాలి. తొడుగు ఫుటింగు మీంచే లేవాలి, పైన స్లాబ్‌కు రంధ్రాలు చేసి చువ్వలు పై అంతస్తులోకి కొనసాగాలి. ఇంకో సంగతి, ఇప్పటికే ఉన్న 22 టన్నులు పాత పిల్లరు మీదే ఉంటాయి. కొత్త తొడుగు పంచుకునేది ఆ తర్వాత వచ్చే బరువునే. పాత మోతను కూడా పంచాలంటే ముందు ప్రాప్‌లతో స్లాబ్‌ను ఎత్తిపట్టి తొడుగు పోయాలి. ఫుటింగు చిన్నదైతే దాన్నీ వెడల్పు చేయాలి, అదీ ఒకటి విడిచి ఒకటిగా.

అంత ఖర్చు వద్దనుకుంటే బరువు తగ్గించే దారి వెతకాలి. ఇటుక గోడలకు బదులు ఎ.ఎ.సి. తేలిక ఇటుకలు వాడితే గోడల బరువు సుమారు సగానికి తగ్గుతుంది. కానీ మన లెక్కలో అది మిగిల్చేది పిల్లరుకు రెండున్నర టన్నులే. అసలు బరువు స్లాబ్‌ది. ఇనుప ఫ్రేము, రేకు పైకప్పుతో గదులు వేస్తే పైకప్పు బరువు చాలావరకు తప్పుతుంది. తీరం ఊళ్ళలో అయితే తుఫాను గాలి రేకును లేపేయకుండా పిల్లర్లకు బోల్టులతో బిగించే లెక్క కూడా ఇంజినీరే ఇవ్వాలి.

కొత్త ఇల్లు ఇప్పుడే కడుతున్నవాళ్ళకు ఒక్క మాట. ఫుటింగు చువ్వల జాలీ పరిచాక, కాంక్రీటు పోయకముందు, టేపు ఆనించి ప్రతి గొయ్యికీ ఫోటో తీయించండి. సిమెంటు, చువ్వల బిల్లులు, క్యూబ్ పరీక్షల కాగితాలు, ఇంజినీరు సంతకమున్న డ్రాయింగు, ఎన్ని అంతస్తులకు లెక్క వేశారో రాసిన పేజీ, వీటన్నిటినీ ఇంటి రిజిస్ట్రేషన్ దస్తావేజుతో కలిపి భద్రపరచండి. మిగిల్చిన చువ్వలకు సిమెంటు పాలు పూసి, వాటి మీద పీవీసీ గొట్టం తొడిగి మూత పెట్టండి.